బాబు ఏడాదిలో 4.4 సెంటీమీటర్లే పెరిగాడు, వాడి ఈడు అమ్మాయి 8 పెరిగింది. ఇది మామూలేనా?

లావణ్య_నెల్లూరు
మా బాబుకు మొన్న జూన్‌లో పన్నెండు నిండాయి. ప్రతి పుట్టినరోజుకూ పొద్దున్నే తలంటు పోసి, కొత్త బట్టలు వేయకముందే వంటింటి గుమ్మం పక్కన నిలబెట్టి పెన్సిలుతో గీత గీయడం మా ఇంట్లో అలవాటు. తొమ్మిది నిండినప్పుడు 129.5 సెం.మీ., పదికి 134.8, పదకొండుకు 139.9, పన్నెండుకు 144.3. అంటే వరుసగా 5.3, 5.1, 4.4 పెరిగాడు. పెరగాల్సిన వయసులో తగ్గుతూ వస్తున్నాడు.

మా ఆడపడుచు కూతురు వీడికంటే ఏడు నెలలు చిన్నది. నిరుడు వీడికంటే రెండు వేళ్లంత పొట్టిగా ఉండేది. ఈ ఏడాది ఎనిమిది సెంటీమీటర్లు పెరిగిందట, దసరాకు వచ్చినప్పుడు వీడిని దాటేసింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తామంటే వీడు రానన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. పోయిన వారం బడిలో ఆరోగ్య శిబిరం పెట్టి అందరినీ కొలిచారు. కార్డు మీద 144.1 అని ఉంది. జూన్‌లో 144.3, అక్టోబరులో 144.1! నాలుగు నెలల్లో పెరగకపోగా తగ్గుతారా ఎవరైనా? మా అత్తగారేమో "వాడి నాన్నా ఇంతే, ఇంటర్‌కు వచ్చాక ఒక్కసారిగా సాగాడు" అంటారు. మా వారు 168, నేను 154. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

కిరణ్_వ్యాయామం
అక్కా, లెక్క చాలా తేలిక. నాలుగేళ్ల నుంచి పెద్దవాళ్లయ్యే వరకు పిల్లలు ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరగాలి. 5 కంటే తగ్గితే గ్రోత్ హార్మోన్ లోపం. ఇప్పుడు 4.4, నాలుగు నెలలుగా సున్నా. ఎముకల చివర్లు మూసుకుపోతే తర్వాత ఎంత తిన్నా లాభం లేదు. ఇంజెక్షన్లు ఉన్నాయి, ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఈలోగా రోజూ కడ్డీ పట్టుకుని పది నిమిషాలు వేలాడమనండి.

సుబ్బారావు_మాస్టారు
కిరణ్ గారూ, కాస్త ఆగండి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కొలత కనిపిస్తే ముందు కొలబద్దను అనుమానించడం నాకు అలవాటు.

లావణ్య గారూ, మీ గుమ్మం గీతలో అరసెంటీమీటరు అటూఇటూ తప్పు ఉండవచ్చు. శిబిరంలో రాసినదానిలోనూ అంతే ఉండవచ్చు. పెరుగుదల అంటే ఒక కొలతలోంచి మరొకటి తీసేయగా వచ్చేది. రెండింటిలోని తప్పులు ఎదురెదురు దిక్కుల్లో పడితే తేడాలో ఏకంగా ఒక సెంటీమీటరు పొరపాటు వస్తుంది. మీ వాడు ఏడాదికి 4.4 చొప్పున పెరుగుతున్నాడనుకుంటే నాలుగు నెలలకు రావలసింది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. ఆ ఒకటిన్నరను పట్టుకోవడానికి ఒక సెంటీమీటరు తప్పు ఉన్న సాధనంతో వెళ్తున్నామన్నమాట. పోస్టాఫీసు త్రాసులో బంగారం తూచినట్టుంటుంది.

అదే ఏడాది ఆగితే? తప్పు ఆ ఒక సెంటీమీటరే, అది కాలంతోపాటు పెరగదు. పెరిగేది మీ వాడి ఎత్తు. అందుకే ఏడాది తేడాను నమ్మవచ్చు. ఆరు నెలలు కనీసం. నాలుగు నెలల తేడాను మూడుతో గుణించి "ఏడాదికి ఇంత" అనడం తప్పును కూడా మూడుతో గుణించడమే.

ఒక ప్రశ్న. శిబిరంలో ఎప్పుడు కొలిచారు? ఎలా కొలిచారు?

లావణ్య_నెల్లూరు
మాస్టారు గారూ, మీరు అడిగాక వాణ్ణి కూర్చోబెట్టి విచారించాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత, డ్రిల్లు పీరియడ్ అయ్యాక వరుసలో నిలబెట్టారట. గోడకు టేపు అంటించి, తల మీద చెక్క స్కేలు ఆనించి చూశారట. స్కేలు అడ్డంగా తిన్నగా ఉందా అంటే "మా ముందు చిన్నా గాడికి పైకి లేచి ఉంది, నాకు వాలింది" అన్నాడు. ఎంత నమ్మవచ్చో దేవుడికే తెలియాలి.

ఈ రోజు ఆదివారం కదా, నిద్ర లేవగానే మా గుమ్మం దగ్గరే మళ్లీ కొలిచాను. 145.6 వచ్చింది. సాయంత్రం ఆడుకుని వచ్చాక మళ్లీ నిలబెడితే 144.7! ఒక్క రోజులో తొమ్మిది మిల్లీమీటర్లు ఎటు పోయాయి?

పిల్లల_డాక్టరమ్మ
లావణ్య గారూ, ఆ తొమ్మిది మిల్లీమీటర్లు మీ అబ్బాయి వెన్నులోనే ఉన్నాయి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు రోజంతా నిలబడి, పరుగెత్తేసరికి నొక్కుకుపోతాయి. రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. పొద్దుటికీ సాయంత్రానికీ ఒక సెంటీమీటరు దాకా తేడా రావడం అందరిలోనూ జరిగేదే. కడ్డీకి వేలాడితే వచ్చే లాభం కూడా ఇదే, కాసేపు సాగి కాసేపటికి పోతుంది. మీ జూన్ గీత పొద్దుటిది, శిబిరం కొలత మధ్యాహ్నానిది. రెండూ పోల్చదగినవి కావు. ఆ కార్డును పక్కన పెట్టేయండి.

ఇంట్లో కొలిచేటప్పుడు వట్టి కాళ్లతో నిలబెట్టండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తగలాలి. పిల్లలు గడ్డం పైకెత్తి పొడుగు కనబడాలని చూస్తారు, ఎత్తనివ్వకండి. కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉండాలి. తల మీద స్కేలు వద్దు, అది వాలుతుంది. గట్టి అట్ట ఉన్న లావుపాటి పుస్తకం తీసుకుని దాని వీపును గోడకు పూర్తిగా ఆనించి కిందికి జార్చండి, గోడే దాన్ని తిన్నగా ఉంచుతుంది. మూడుసార్లు కొలిచి మధ్యది రాసుకోండి. ఎప్పుడూ పొద్దున్నే, ఒకే గోడ, వీలైతే ఒకే చేయి.

ఇక అసలు సంగతి. కిరణ్ గారు చెప్పిన 5, 6 సెంటీమీటర్ల లెక్క తప్పు కాదు, సగమే. ఆ వేగం నాలుగైదేళ్ల నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా బాగా సరిపోతుంది. ఆ తర్వాత వేగం మెల్లగా దిగుతుంది. ఎదుగుదల ఉరకడానికి సరిగ్గా ముందు అన్నింటికంటే కింద ఉంటుంది. ఆలస్యంగా ఎదిగే మగపిల్లల్లో అది 4 దగ్గరికి కూడా వస్తుంది. ఆరేళ్లు దాటి, ఇంకా యవ్వనం మొదలుకాని అబ్బాయి 4 కంటే తక్కువ, అమ్మాయి నాలుగున్నర కంటే తక్కువ పెరుగుతుంటే మేము కారణం వెతకడం మొదలుపెడతాం. మీ వాడి 4.4 ఆ గీతకు పైనే ఉంది, అదీ మూడేళ్ల గీతల వరుసలో.

మీ ఆడపడుచు కూతురు విషయం చూడండి. ఆడపిల్లల్లో ఉరుకు యవ్వనపు తొలి గుర్తులతోనే మొదలవుతుంది. పదకొండున్నర, పన్నెండు దగ్గర శిఖరానికి చేరి ఏడాదికి 8 సెంటీమీటర్లు, కొందరిలో 9 దాకా వస్తుంది. మగపిల్లలకు శిఖరం పదమూడున్నర, పద్నాలుగు దగ్గర. అప్పుడు ఏడాదికి తొమ్మిదిన్నర, పది పెరగడం సాధారణం. మగపిల్లల్లో యవ్వనం మొదలైన వెంటనే ఎత్తు మారదు. శరీరంలో మార్పులు మొదలైన ఏడాది, ఏడాదిన్నర తర్వాత గానీ ఎత్తు అందుకోదు. కాబట్టి పన్నెండేళ్ల అమ్మాయినీ పన్నెండేళ్ల అబ్బాయినీ పక్కపక్కన నిలబెడితే ఒకరు కొండ మీద, మరొకరు కొండ ముందున్న పల్లంలో ఉంటారు. మీరు ఆ రెంటినీ పోల్చారు.

పెద్దయ్యాక మగవారు సగటున 13 సెంటీమీటర్లు ఎక్కువ ఉండటానికి పెద్ద కారణం కూడా ఈ ఆలస్యమే. అబ్బాయి దాదాపు రెండేళ్లు అదనంగా ఆ నెమ్మది వేగంతోనే పెరుగుతూ పోతాడు, ఆ 13లో పదికి దగ్గరగా అక్కడే వస్తుంది. శిఖరం కొంచెం ఎత్తు కావడం మిగిలిన భాగం.

మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. తండ్రి ఇంటర్‌లో సాగాడంటే అది నాకు ఒక రక్తపరీక్షంత పనికొచ్చే సమాచారం. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. యవ్వనం మొదలైందా లేదా అన్నది చూడకుండా పన్నెండేళ్ల పిల్లవాడి వేగం మీద తీర్పు చెప్పలేం. దానికి పరీక్ష చాలా చిన్నది.

కిరణ్_వ్యాయామం
సరే డాక్టరు గారూ, పల్లం సంగతి నాకు తెలియదు. కానీ "ఆగి చూద్దాం" అంటూ ఆగినవాళ్లు నష్టపోయిన సంగతులూ ఉన్నాయి కదా. మా జిమ్‌కు పదిహేడేళ్ల కుర్రాళ్లు వచ్చి పొడుగయ్యే వ్యాయామం అడుగుతారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. నా భయం అది.

పిల్లల_డాక్టరమ్మ
ఆ భయం న్యాయమే. అందుకే ఆగమన్నది కొలుస్తూ ఆగమని. కొలవకుండా ఆగితే మీరన్నదే జరుగుతుంది.

పద్మజ_వరంగల్
ఇది చదువుతుంటే మా అమ్మాయి గుర్తొచ్చి రాయకుండా ఉండలేకపోయాను. మా కథ లావణ్య గారి కథకు తలకిందులు.

మా అమ్మాయి తరగతిలో ఎప్పుడూ వరుస మధ్యలో నిలబడేది. పొట్టి అని ఎవరూ అనలేదు, మాకూ అనిపించలేదు. ఏడేళ్లప్పుడు 117, ఎనిమిదేళ్లప్పుడు 119.5. ఏడాదిలో రెండున్నర. కానీ ఆ అంకెలు మేము తర్వాత పాత కార్డులు తిరగేసి చూసుకున్నవి. ముందు పట్టించింది ఒక గౌను. నిరుడు దసరాకు కొన్నది మళ్లీ దసరాకు తీశాను. పొడవు సరిగ్గా మోకాలి మీదికే వచ్చింది, అంచు విప్పాల్సిన పనే లేదు. వెనక హుక్కులు మాత్రం రెండు వేళ్ల దూరంలో ఆగిపోయాయి. ఏడాదికి నాలుగు కిలోలు పెరిగింది. "ఒళ్లు చేసింది, మంచిదే" అన్నారు మా వాళ్లు. బడి నుంచి రాగానే నిద్ర, మలబద్ధకం, అందరికీ ఉక్కపోస్తుంటే తనకు దుప్పటి కావాలి.

డాక్టరు కార్డు చూసి, మెడ తడిమి, రక్తం తీయించారు. థైరాయిడ్ చాలా తక్కువ. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. తర్వాతి ఏడాది 9 సెంటీమీటర్లు పెరిగింది. మూడు జతల యూనిఫారాలు కొన్నాం, ఆనందంగా కొన్నాం.

పిల్లల_డాక్టరమ్మ
పద్మజ గారి గౌనును మా విద్యార్థులకు చూపించాలి. ఎత్తు మామూలుగా ఉండి వేగం పడిపోయిన పిల్లలే ఎక్కువగా తప్పించుకుపోతారు, ఎందుకంటే వరుసలో ఎవరి కంటా పడరు. ఎత్తు అన్నది పుట్టినప్పటి నుంచి జరిగినదంతా కలిపిన మొత్తం. ఈ ఏడాది ఏమైనా చెడితే ఆ మొత్తంలో కనబడటానికి చాలా కాలం పడుతుంది, వేగంలో మాత్రం వెంటనే కనబడుతుంది.

ఇంకొకటి కూడా ఆ గౌనులో ఉంది. ఎత్తు ఆగి బరువు పెరుగుతుంటే మా చూపు హార్మోన్ల వైపు పోతుంది. ముందు బరువు ఆగి, ఆ తర్వాత ఎత్తు ఆగితే తిండి, పేగులు, దీర్ఘకాలపు జబ్బుల వైపు పోతుంది. అమ్మాయిల్లో వేరే లక్షణం ఏదీ లేకుండా వేగం తగ్గితే క్రోమోజోముల పరీక్ష కూడా చేయిస్తాం. ఒక X క్రోమోజోము లోపించే టర్నర్ సిండ్రోమ్ కొందరిలో ఎత్తు తగ్గడంతోనే బయటపడుతుంది. పద్మజ గారి అమ్మాయి మందు మొదలుపెట్టాక 9 సెంటీమీటర్లు పెరగడం అంతకుముందు కోల్పోయినదాన్ని అందుకోవడం, మందు ఆపకపోతే మళ్లీ తన మామూలు దారిలో పడుతుంది.

హిమజ_న్యూజెర్సీ
మా పాప గురించి అడగవచ్చా? పదిహేను నెలలు. పుట్టినప్పుడు 52 సెంటీమీటర్లు, ఆసుపత్రిలో అందరూ "పొడుగు పాప" అన్నారు. ఆరు నెలలకు 67, ఏడాదికి 74, ఇప్పుడు 77. ఇక్కడి డాక్టరు గ్రాఫు చూపించి పై గీత నుంచి మధ్య గీతకు జారిందన్నారు. మొదటి ఆరు నెలల్లో 15 పెరిగినది తర్వాతి ఆరు నెలల్లో 7 పెరగడమేమిటి? పాలు మానిపించడం వల్లనా? అమ్మ ఫోనులో రోజూ అదే అంటోంది. నేను 152, మా ఆయన 165.

పిల్లల_డాక్టరమ్మ
హిమజ గారూ, మనిషి జీవితంలో అతి వేగంగా పెరిగేది మొదటి ఏడాదే, అదీ ముందు సగంలో. మొత్తం మీద ఏడాదికి 25 సెంటీమీటర్ల వరకు పెరుగుతారు, అందులో మూడింట రెండు వంతులు తొలి ఆరు నెలల్లోనే. రెండో ఏడాది 10 నుంచి 12, మూడో ఏడాది 8 అటూఇటూ. ఆ తర్వాత లావణ్య గారి గుమ్మం దగ్గరి అంకెలు. కాబట్టి 15 తర్వాత 7 రావడం బ్రేకు పడటం కాదు, ఆ వయసు దారే అంత. ఇప్పటి మూడు నెలల్లో వచ్చిన 3 కూడా దానికి తగినట్టే ఉంది.

గీత జారడం గురించి. పుట్టినప్పటి పొడవు తల్లి కడుపులో దొరికిన చోటు, తిండిని బట్టి ఉంటుంది, తల్లిదండ్రుల ఎత్తును అంతగా చెప్పదు. పుట్టాక బిడ్డ మెల్లగా తన సొంత దారికి వస్తుంది, పద్దెనిమిది నెలల నుంచి రెండేళ్ల లోపు ఆ సర్దుబాటు అయిపోతుంది. పొట్టి తల్లిదండ్రుల పొడుగు పాప కిందికి జారుతుంది, పొడుగు తల్లిదండ్రుల చిన్న పాప పైకి పాకుతుంది. మీ ఇద్దరి ఎత్తులు కలిపి, అమ్మాయి కాబట్టి 13 తీసేసి, సగం చేస్తే 152. ఆ పాప మధ్య గీతకు రావడంలో నాకు ఆశ్చర్యం లేదు. బరువు బాగా ఎక్కుతూ, నడుస్తూ, ఆడుతూ ఉంటే చాలు. జారడం ఆగకుండా రెండేళ్లు దాటాక కూడా సాగితే, లేదా బరువు ముందు పడిపోతే అప్పుడు వేరే మాట. పాలు మానిపించినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

పాపను ఎలా కొలుస్తున్నారు అక్కడ?

హిమజ_న్యూజెర్సీ
బల్ల మీద కాగితం పరిచి పడుకోబెట్టి, తల దగ్గర పెన్నుతో ఒక గీత, కాలు లాగి మడమ దగ్గర ఒక గీత గీస్తారు. పాపను తీశాక ఆ రెండింటి మధ్య టేపుతో కొలుస్తారు. పోయినసారి రెండో గీత గీసేలోపు పాప సగం పక్కకు తిరిగింది.

సుబ్బారావు_మాస్టారు
హతోస్మి! ఆ కాగితం మీద నా మనవరాలిని కొలిస్తే కోణం కూడా అడుగుతాను.

పిల్లల_డాక్టరమ్మ
ఆ పద్ధతిలో సెంటీమీటరు పైనే తప్పు వస్తుంది. పడుకోబెట్టి కొలిచే పలక ఉంటుంది. తల వైపు కదలని చెక్క, కాళ్ల వైపు జరిగే చెక్క. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కిపట్టి చెక్క జరపాలి. అడిగి చూడండి. ఇంకో హెచ్చరిక ఇప్పుడే చెబుతాను. రెండేళ్లకు నిలబెట్టి కొలవడం మొదలుపెడతారు. పడుకున్న కొలత కంటే నిలబడిన కొలత సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. ఆ రోజు మీ అమ్మగారు మళ్లీ పాల సంగతి ఎత్తుతారు.

వేంకటలక్ష్మి
మా పెద్దమ్మాయి పోయిన నెల పెద్దమనిషి అయింది, పన్నెండున్నర. ఎత్తు 148. ఇక ఇప్పుడు పెరగడం మొదలవుతుంది కదా? ఏమేమి పెట్టమంటారు? మా ఇంట్లో సున్నుండలు, నువ్వులు మొదలుపెట్టాం.

పిల్లల_డాక్టరమ్మ
సున్నుండలు పెట్టండి, కానీ ఎత్తు కోసం అనుకోకండి. చాలామంది తల్లులు ఇలాగే అనుకుంటారు, చెప్పడానికి నాకూ కష్టంగా ఉంటుంది. నెలసరి మొదలయ్యేసరికి ఉరుకులోని వేగమైన భాగం అయిపోయి ఉంటుంది. శిఖరం దాటిన తర్వాతే రజస్వల అవుతారు. ఇక మిగిలేది సగటున 5 నుంచి 7 సెంటీమీటర్లు, అదీ తగ్గుతూ తగ్గుతూ రెండేళ్లలో. మీ అమ్మాయి 153 దాటి 155 దాకా రావచ్చు. గడిచిన రెండేళ్లలో చెప్పులు ఎన్నిసార్లు మార్చారో గుర్తు చేసుకోండి, ఉరుకు అప్పుడే జరిగింది. పాదాలు ముందు పెరుగుతాయి, తర్వాత కాళ్లు, నడుము పైభాగం ఆఖరున.

వేంకటలక్ష్మి
నిజమే. ఏడాదిలో మూడు జతలు మార్చాం. అప్పుడు విసుక్కున్నాను కూడా.

సుబ్బారావు_మాస్టారు
ఈ వేగం గీత మొదట ఎక్కడి నుంచి వచ్చిందో ఒక మాట. ఫ్రాన్సులో మోంబెయార్ అనే ప్రభువు 1759లో పుట్టిన కొడుకును 1777 వరకు, పద్దెనిమిదేళ్లపాటు, కొద్ది నెలలకోసారి కొలుస్తూ రాసుకున్నాడు. ఆయన స్నేహితుడు, ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ వాటిని తన పుస్తకంలో అచ్చు వేశాడు. ఒకే పిల్లవాడి కొలతలు. వాటిని తేడాలుగా మార్చి గీస్తే డాక్టరమ్మ గారు చెప్పినదంతా కనబడుతుంది. పుట్టిన దగ్గర్నుంచి నిట్టనిలువుగా దిగి, నాలుగైదేళ్లకు చదునుగా నడిచి, పల్లంలోకి వెళ్లి, ఒక్కసారి పైకి లేచి కూలిపోతుంది. అప్పటికి హార్మోన్ అన్న మాటే లేదు. లావణ్య గారి గుమ్మం ఆ వంశంలోదే.

రమణమూర్తి_విశాఖ
అందరూ పెరగడం లేదని బాధపడుతుంటే మా సంగతి చెబితే దిష్టి తగులుతుందేమో! మా అమ్మాయికి ఏడేళ్ల మూడు నెలలు. ఈ ఏడాది 8.2 సెంటీమీటర్లు పెరిగింది. తరగతిలో అందరికంటే పొడుగు, ఫొటోలో టీచరు పక్కన నిలబెడతారు. రోజూ గుడ్డు, పాలు, చేపలు. తిండి సరిగ్గా పెడితే ఇవన్నీ రావని నా అభిప్రాయం. పెద్దపిల్లలా చెమట వాసన కూడా వస్తోంది, మా ఆవిడ పౌడరు కొంటోంది.

పిల్లల_డాక్టరమ్మ
రమణమూర్తి గారూ, మిమ్మల్ని భయపెట్టాలని కాదు గానీ ఇంత పొడవైన చర్చలో నన్ను నిజంగా ఆపిన అంకె మీదే. ఏడేళ్లకు ఉండాల్సిన వేగం 5, 6. ఎనిమిది దాటిన వేగం పదకొండేళ్ల అమ్మాయిది. దానితోపాటు చెమట వాసన అంటున్నారు. వాసన ఒక్కటే ఉంటే ఎక్కువసార్లు ప్రమాదం లేనిదే అవుతుంది. వేగం కూడా తోడైంది కాబట్టి చూపించాలి. మీ శ్రీమతిని ఒక్కటి గమనించమనండి, రొమ్ము కింద గుండీలాంటి గట్టి ఉబ్బు ఉందేమో. ఎనిమిదేళ్ల లోపు అది కనబడితే యవ్వనం ముందే మొదలైనట్టు.

అలాంటి పిల్లలు ఇప్పుడు అందరికంటే పొడుగు ఉంటారు. ఎముకలు వయసుకు మించి ముదిరిపోయి చివర్లు ముందే మూసుకుంటాయి, పదకొండేళ్లకు ఆగిపోయి ఆఖరుకు అందరికంటే పొట్టిగా మిగలవచ్చు. సమయానికి పట్టుకుంటే ఆపడానికి ఇంజెక్షన్లు ఉన్నాయి. కిరణ్ గారు అన్న "ఆలస్యం చేయకండి" ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

రమణమూర్తి_విశాఖ
మా వైపు అందరూ పొడుగేనండీ. మా చెల్లెలు కూడా చిన్నప్పుడే పొడుగు. బాగా పెరిగినా జబ్బే, పెరగకపోయినా జబ్బే అంటే ఎలా?

పద్మజ_వరంగల్
రమణమూర్తి గారూ, మేము కూడా "ఒళ్లు చేసింది, మంచిదే" అన్నాం. ఒక్కసారి చూపిస్తే పోయేదేముంది? మీ చెల్లెలు పెద్దయ్యాక ఎంత ఎత్తు ఉన్నారు?

లావణ్య_నెల్లూరు
చూపించి వచ్చాం. ఎత్తు కొలిచే పరికరం దగ్గర ఆ డాక్టరు గారు వాడి చెవుల వెనక రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకి ఎత్తినట్టు పట్టుకుని కొలిచారు. 145.4. మా గుమ్మానికి రెండు మిల్లీమీటర్ల తేడా, నాకు గర్వంగా ఉంది.

తర్వాత నన్ను బయట కూర్చోమని మా వారిని లోపల ఉంచారు. ఆయన వచ్చి చెప్పిన సంగతి ఏమిటంటే, డాక్టరు దగ్గర ఒక దారానికి గుచ్చిన పూసల దండ ఉందట, చిన్న గింజ నుంచి కోడిగుడ్డంత వరకు పన్నెండు పూసలు. ఒక చేత్తో పిల్లవాడి వృషణాలను తడుముతూ, రెండో చేత్తో పూసలు జరుపుకుంటూ వెళ్లి 4 అని రాసి ఉన్న పూస దగ్గర ఆగారట. "ఇప్పుడిప్పుడే మొదలైంది" అన్నారట. వాడు ఇంటికి వచ్చే దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు, ఒక్క మాట లేదు.

ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. ఎముకల వయసు పదకొండు చూపిస్తోందట, అసలు వయసు పన్నెండున్నరకు దగ్గర. వాళ్ల నాన్న తరహాయే కావచ్చని, జూన్‌లో ఇదే పరికరం మీద మళ్లీ కొలుద్దామని చెప్పారు. థైరాయిడ్ రక్తపరీక్ష కూడా రాశారు, ఫలితం సోమవారం వస్తుంది. చివరికి ఎంత ఎత్తు అవుతాడని మా వారు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అమ్మానాన్నల లెక్క ప్రకారం 167, 168 దగ్గర వస్తుందని, దానికి అటూఇటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చని అన్నారు.

కిరణ్_వ్యాయామం
అక్కా, మంచి వార్త. జూన్‌లో అంకె ఇక్కడే రాయండి. కడ్డీ సంగతి వదిలేయండి.

పిల్లల_డాక్టరమ్మ
4 పూస అంటే శిఖరానికి ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు ఉండవచ్చు. కాబట్టి జూన్‌లో కూడా 4, 5 మధ్యే వస్తే కంగారు పడకండి. 4 కంటే బాగా తగ్గితే మాత్రం ఇక్కడ రాయడం కాదు, ఆయన దగ్గరికే వెళ్లండి.

రమణమూర్తి గారూ, వెళ్లారా?

లావణ్య_నెల్లూరు
సోమవారం ఫలితం వచ్చింది, థైరాయిడ్ బాగుందట. గుమ్మం దగ్గర పెన్సిలు గీతల పక్కన పొద్దున, సాయంత్రం అని రాయడం మొదలుపెట్టాను. మా అత్తగారు తన గీత కూడా గీయమన్నారు.

పిల్లల_డాక్టరమ్మ
రమణమూర్తి గారూ?